పొట్టి జుట్టుకూ గడ్డానికీ ఇంట్లోనే రంగు: వేసినట్టు తెలియకుండా వేసుకునే పద్ధతి

మగవారి జుట్టుకు వేసిన రంగు పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతున్నదంటే, లోపం సాధారణంగా సరుకులో ఉండదు. రంగు మరీ నల్లగా ఉండడం, తలంతా ఒకే తీరున పట్టడం, నుదుటి దగ్గర గీత గీసినట్టు ఆగిపోవడం అనే మూడు కారణాలే అందుకు చాలు. రెండు అంగుళాల లోపు కత్తిరించుకునే జుట్టుకూ, ట్రిమ్మర్‌తో సరిచేసుకునే గడ్డానికీ ఈ మూడు లోపాలు రాకుండా ఇంట్లోనే రంగు ఎలా వేసుకోవచ్చో, ఏ దుకాణంలోనైనా దొరికే మామూలు క్రీము రంగును ఆధారంగా తీసుకొని వివరిస్తాను.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈ ప్రశ్న చాలామందికి గుండు తరువాతే ఎదురవుతుంది. కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు తలంతా ఒకే ఎత్తున మొలుస్తుంది. అంతకుముందు పొడవు జుట్టు కింద అణిగి ఉన్న తెల్లవెంట్రుకలు అప్పుడు నిటారుగా నిలబడి, మునుపటికంటే రెట్టింపైనట్టు కనిపిస్తాయి. గుండు చేయించడం వల్ల జుట్టు నెరవదు. పాత రంగు పూర్తిగా పోయి, అసలు నెరుపు ఎంతో మొదటిసారి బయటపడుతుంది, అంతే. నిజానికి సరైన షేడ్‌తో కొత్తగా మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన సమయం ఉండదు, ఎందుకంటే ఏళ్ల తరబడి పేరుకున్న పాత నలుపు అప్పుడు అడ్డురాదు. అయితే కత్తి గాట్లు పూర్తిగా మాని, జుట్టు కనీసం ఒక సెంటీమీటరు పెరిగేవరకు ఆగాలి. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక, గుండు తరువాత నెల రోజులు తల జోలికి పోకుండా ఉంటే మంచిది.

తిరుపతిలో కొర్లగుంటలో ఉండే మా చిన్నాన్న కొడుకును ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటాను. వయసు 47. గుండు చేయించుకొని మూడు నెలలు దాటింది. నెత్తి మీద జుట్టు ఒకటిన్నర సెంటీమీటరు, పక్కల్లో ట్రిమ్మర్‌తో తీసిన ఆరు మిల్లీమీటర్లు. కణతల దగ్గర సగానికి పైగా తెలుపు, నెత్తిన అక్కడక్కడ చల్లినట్టు తెలుపు, మెడ వెనుక దాదాపు పూర్తి నలుపు. గడ్డం మీద చుబుకానికి రెండు పక్కలా రెండు తెల్లని మచ్చలు. కొత్త ఇంటి గృహప్రవేశం ఆదివారం ఉంది. ఆయన కోరిక ఒక్కటే: “అన్నా, రంగేసినానని ఎవురూ అనకూడదు.”

షేడ్ ఎంచుకోవడం

నల్లజుట్టు గల మనిషి నల్లరంగే కొనడం సహజంగా అనిపిస్తుంది. పొరపాటు అక్కడే మొదలవుతుంది. మన జుట్టును నలుపు అంటున్నాం గాని, ఎండలోకి వచ్చి అద్దంలో చూసుకుంటే అందులో గోధుమ ఛాయ ఉంటుంది, పైగా ఒక్కో వెంట్రుకకూ ఒక్కో ఛాయ ఉంటుంది. రంగు పెట్టె మీద 1 అనే అంకె ఉన్న నలుపు షేడ్ ఈ తేడాలన్నింటినీ మింగేసి, తల మీద ఒకే నల్లటి పరుపు పరిచినట్టు చేస్తుంది. వయసుతో ముఖం మీద పడిన ముడతలూ, కళ్ల కింది ఛాయా ఆ నలుపు పక్కన మరింత కొట్టవచ్చినట్టు కనిపిస్తాయి.

అందువల్ల మన ప్రాంతపు జుట్టుకు నేను సూచించేది 3 అంకె గల ముదురు గోధుమ రంగు, అంటే దుకాణాల్లో డార్క్ బ్రౌన్ అని అమ్మేది. ఇది పనిచేసే తీరు గమనించదగినది. ఇలాంటి రంగు నల్లవెంట్రుకను కంటికి తెలిసేంతగా మార్చదు. తెల్లవెంట్రుకలో సహజమైన రంగు పదార్థం లేదు గనుక అది మాత్రం ముదురు గోధుమగా మారుతుంది. ఫలితంగా తల మీద నలుపూ ముదురు గోధుమా కలిసి ఉంటాయి, ఇది పుట్టుకతో వచ్చిన జుట్టులో ఉండే తేడాకు దగ్గరగా ఉంటుంది. 4 అంకె గల మధ్యస్థపు గోధుమ, జుట్టు ఇప్పటికే కొంచెం రాగి ఛాయలో ఉన్నవారికి తగినది. 5కు మించి వెళ్తే నల్లజుట్టు మధ్యలో ఆ వెంట్రుకలు పసుపుగా, ఎర్రగా బయటపడతాయి.

అంకె తరువాత చుక్క పెట్టి మరో అంకె ఉంటే అది ఛాయను తెలుపుతుంది. చాలా కంపెనీల లెక్కలో .1 అంటే ఎరుపును అణచే బూడిద ఛాయ, .3 బంగారు ఛాయ, .4 రాగి ఛాయ. తెల్లజుట్టు మీద బంగారు, రాగి ఛాయలు వద్దు. చుక్క లేని సహజ షేడ్ గాని, .1 గాని తీసుకోవాలి. బర్గండీ పేరుతో అమ్మే చిన్న సాచెట్లు నల్లజుట్టు మీద అందంగానే ఉండవచ్చు గాని, తెల్లవెంట్రుకల మీద ఎర్రటి రంగుగానే తేలుతాయి.

సెలూన్లకు అమ్మే రంగు ట్యూబునూ, అందులో కలిపే డెవలపర్ అనే ద్రవాన్నీ విడివిడిగా కొనేవారు డెవలపర్ సీసా మీద 20 వాల్యూమ్ అని ఉన్నదే అడగాలి. దానిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం ఉంటుంది, తెల్లజుట్టును కప్పడానికి అది చాలు. 30, 40 వాల్యూమ్‌లు నల్లవెంట్రుకల సహజ రంగును కూడా కరిగించి ఎరుపు తెస్తాయి గనుక వాటితో మనకు పని లేదు.

నీళ్లలో కలుపుకునే పొడి రంగులు చవకగా దొరుకుతాయి, చాలా ఏళ్లుగా మన ఇళ్లలో అలవాటు కూడా. అయితే వాటిలో ఎక్కువ భాగం ముదురు నలుపునే ఇస్తాయి, సహజంగా కనిపించాలనే మన ఉద్దేశానికి అది సరిపడదు. గోరింటాకు ఒక్కటే పెడితే తెల్లవెంట్రుక నారింజ ఎరుపుగా మారుతుంది. గోరింటాకు తరువాత నీలి ఆకు పొడి పెడితే ముదురుతుంది గాని, దానికి గంటల సమయం కావాలి, పొట్టి జుట్టు మీద ముద్ద నిలవడం కూడా కష్టం. ఓపిక ఉన్నవారికి అది మంచి దారే, కాని ఈ వ్యాసం క్రీము రంగుకే పరిమితం.

రెండు రోజుల ముందు: చర్మ పరీక్ష

క్రీము రంగుల్లో, ముఖ్యంగా ముదురు షేడ్లలో, పారా ఫినైలిన్ డయామిన్ అనే పదార్థం గాని, దానికి దగ్గరి బంధువైన మరో పదార్థం గాని ఉంటుంది. పెట్టె మీద దీన్నే పీపీడీ అని కూడా రాస్తారు. కొందరి చర్మానికి ఇది పడదు. పడకపోవడం అనేది మొదటి సారే తెలియాలని లేదు. పదేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వేసుకుంటున్న మనిషికి పదకొండో ఏట కూడా మొదలుకావచ్చు. అమ్మోనియా లేదు అని రాసినంత మాత్రాన పీపీడీ లేనట్టు కాదు. మూలికలు అని రాసిన పెట్టెలోనూ, నల్ల గోరింటాకు అని అమ్మే పొడిలోనూ ఇది ఉండవచ్చు గనుక, పెట్టె వెనుక చిన్న అక్షరాల జాబితా చదివి తీరాలి.

పరీక్ష సులువైనదే. పెట్టెలోని కాగితం మీద చెప్పిన ప్రకారం కొద్దిగా రంగును చెవి వెనుక గాని, మోచేతి లోపలి వైపు గాని చిన్న బిళ్లంత మేర రాసి, చెప్పినంత సేపు ఉంచి, ఆ తరువాత 48 గంటల పాటు గమనించాలి. దురద, ఎరుపు, వాపు, నీటి పొక్కులు వీటిలో ఏది కనిపించినా ఆ రంగు మీకు పనికిరాదు. చాలామంది అయిదు నిమిషాలు చూసి ఏమీ కాలేదని ముందుకు వెళ్తారు, కాని ఈ ఎలర్జీ ఆలస్యంగా, ఒక రోజు రెండు రోజుల తరువాత బయటపడే రకం. తిరునాళ్లలోనో పెళ్లిలోనో చేతికి వేయించుకున్న నల్ల మెహందీ వల్ల గతంలో చర్మం పొంగి ఉంటే, పరీక్ష కూడా చేసుకోకుండా ఈ రకం రంగులన్నింటినీ వదిలేయడమే మేలు. రంగు వేసుకున్న తరువాత కనురెప్పలు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా, తిరుపతిలో రుయా ఆసుపత్రికో, చిత్తూరులో జిల్లా ఆసుపత్రికో, దగ్గరలో ఏది ఉంటే అక్కడికి వెంటనే వెళ్లాలి.

కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు ఈ రంగు ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

కత్తిరించిన వెంట్రుకల మీద షేడ్ పరీక్ష

పొడవు జుట్టు ఉన్నవారు ఒక పాయ మీద రంగు వేసి చూసుకుంటారు. పొట్టి జుట్టుకు ఆ వీలు లేదు గాని, అంతకంటే మంచి అవకాశం ఉంది. రంగుకు రెండు మూడు రోజుల ముందు సెలూన్‌లో జుట్టు కత్తిరించుకుని, కణతల దగ్గర రాలిన తెల్లవెంట్రుకలను ఒక కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకోండి. మంగలి నవ్వితే నవ్వనీయండి. ఇంటికి వచ్చి ఆ వెంట్రుకలను మూడు చిన్న కుచ్చులుగా చేసి, ఒక చివర సెల్లోటేపుతో ప్లాస్టిక్ మూత మీద అతికించి, మూడింటికీ కలిపిన రంగు రాయాలి. ఒకదాన్ని 10 నిమిషాలకు, రెండోదాన్ని 15కు, మూడోదాన్ని 25కు కడిగి, ఆరబెట్టి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో తెల్లకాగితం మీద పెట్టి చూడాలి. ట్యూబ్‌లైటు కింద చూస్తే ఎరుపు సరిగా తెలియదు.

ఈ పరీక్ష ఎందుకంటే, రంగు క్రీములో ఉండేవి నిజానికి రంగులేని చిన్న అణువులు. అవి వెంట్రుక లోపలికి చేరి, డెవలపర్‌తో కలిసిన తరువాత పెద్ద రంగు అణువులుగా తయారవుతాయి, దానికి సమయం పడుతుంది. మరీ తొందరగా కడిగేస్తే రంగు పూర్తిగా తయారు కాదు, వెచ్చటి ఎర్ర ఛాయలో ఆగిపోయి వారం తిరగకుండానే వెలిసిపోతుంది. అందుకే లేతగా కావాలనుకునేవారు సమయం కోసుకోవడం కంటే ఒక మెట్టు లేత షేడ్ తీసుకోవడం సరైన పద్ధతి. మా తమ్ముడి వెంట్రుకల మీద 3 షేడ్ 10 నిమిషాలకు ఇటుక రంగులో ఉంది, 15కు గోధుమ అయింది, 25కు ముదురు గోధుమగా స్థిరపడింది. ఆయన ముందే కొనిపెట్టుకున్న 1 షేడ్‌ను కూడా పక్కన పరీక్షిస్తే అది 15 నిమిషాలకే కాటుకలా ఉంది. ఆ కాగితం చూసిన తరువాత వాదన అక్కర్లేకపోయింది.

ముందు రోజు, ఆ రోజు

ముందు రోజు షాంపూతో తల కడుక్కొని, ఆ తరువాత కొబ్బరినూనె గాని కండిషనర్ గాని రాయకుండా వదిలేయాలి. మన ఇళ్లలో నూనె అలవాటు ఎక్కువ గనుక ఇది గట్టిగా చెప్పవలసి వస్తున్నది: వెంట్రుక మీద నూనె పొర ఉన్న చోట రంగు సమానంగా పట్టదు. బోరు నీళ్లు ఉప్పగా ఉండి షాంపూ నురగ రాని ఇళ్లలో ఆఖరి రెండు చెంబులైనా మంచినీళ్లతో కడుక్కుంటే తేడా తెలుస్తుంది. రంగు వేసే రోజు తల రుద్ది కడగకూడదు, గడ్డం అంచులు బ్లేడుతో తీయకూడదు. కంటికి కనిపించని గాట్ల గుండా రంగు చర్మంలోకి పోతే మంట పుడుతుంది.

పండుగకో పెళ్లికో అయితే అదే రోజు ఉదయం వేసుకోవద్దు. రంగు మొదటి ఒకటి రెండు రోజులు మరికాస్త ముదురుగా కనిపిస్తుంది, చర్మం మీద మరకలు పోవడానికి కూడా అంతే సమయం కావాలి. ఆదివారం శుభకార్యం ఉంటే బుధవారం లేదా గురువారం సాయంత్రం సరైనది. వేసవిలో మన ఊళ్ల వేడికి చెమట పట్టి, రంగు నుదుటి మీదికీ చెవుల్లోకీ జారుతుంది, వేడికి రంగు తయారయ్యే వేగం కూడా పెరుగుతుంది. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున గాని, రాత్రి భోజనానికి ముందు గాని, గాలి ఆడే గదిలో ఫ్యాను కింద వేసుకోవాలి. తొందరగా పడుతుందని ఎండలో నిలబడేవారున్నారు, దానివల్ల ఎండ తగిలిన వైపు ఒక రంగు, తగలని వైపు మరో రంగు వస్తాయి.

కావలసినవి కొద్దే: ప్లాస్టిక్ గిన్నె, రంగు బ్రష్, వెడల్పు పళ్ల దువ్వెన, చేతి తొడుగులు, వాజిలీన్, పాత తుండు, దూది, గోడ గడియారం, మెడ వెనుక చూసుకోవడానికి ఒక చిన్న అద్దం. స్టీలు, ఇత్తడి గిన్నెలు వద్దు, లోహం తగిలితే డెవలపర్ చెడవచ్చు.

వేసుకునే క్రమం

నుదుటి అంచు, చెవుల మీద, మెడ వెనుక చర్మానికి మాత్రమే వాజిలీన్ పలుచగా రాయాలి. అది వెంట్రుకలకు తగిలితే అక్కడ రంగు పట్టదు. తరువాత క్రీము, డెవలపర్ కాగితంలో చెప్పిన పాళ్లలో కలపాలి. చాలా చిన్న ప్యాకెట్లలో ఇది 20 గ్రాములకు 20 మిల్లీలీటర్లు ఉంటుంది. పొట్టి జుట్టుకు అంతా అక్కర్లేదు. పదిహేను గ్రాముల క్రీము, అంతే డెవలపర్ సరిపోతుంది, ఇంకా ఒత్తుగా లేని తలకు పది కూడా చాలు. ముద్దలు లేకుండా ఒక నిమిషం కలిపిన వెంటనే వాడాలి. కలిపిన రంగును మిగుల్చుకుని మూతపెట్టి దాచడం పనికిరాదు: అది పని చేయదు సరికదా, లోపల ఆక్సిజన్ పుట్టి సీసా పగలవచ్చు.

గడియారం చూసుకోండి. మొదట కణతలు, చెవుల పైభాగం. అక్కడి తెల్లవెంట్రుకలు మందంగా, మొండిగా ఉంటాయి గనుక వాటికే ఎక్కువ సమయం దక్కాలి. బ్రష్ కొనతో కొద్దిగా తీసుకొని, వెంట్రుక పెరిగే దిశకు ఎదురుగా ఒకసారి, అదే దిశలో మరోసారి రాయాలి. షాంపూలా అరచేత్తో పూసి రుద్దకూడదు. ఆరు మిల్లీమీటర్ల జుట్టులో రుద్దితే రంగు వెంట్రుకకంటే నెత్తి చర్మానికే ఎక్కువ అంటుకుంటుంది, అది ఎవరికైనా తెలిసిపోయే మరక.

కణతల తరువాత నెత్తి. ఇక్కడ తెలుపు చల్లినట్టు ఉంటుంది గనుక బ్రష్ పక్కన పెట్టి దువ్వెన వాడాలి. దువ్వెన పళ్లకు కొద్దిగా రంగు రాసుకొని, ముందు నుంచి వెనుకకు తేలికగా దువ్వుకుంటూ పోతే కొన్ని వెంట్రుకలకు తగులుతుంది, కొన్నింటికి తగలదు. ఈ తగలకపోవడమే సహజత్వం ఇస్తుంది. నలభై ఏడేళ్ల మనిషి తలలో ఒక్క తెల్లవెంట్రుక కూడా లేకపోతే చూసేవారికి అనుమానం వస్తుంది, నాలుగింట ఒకటి మిగిలితే రాదు. మెడ వెనుక నల్లగానే ఉంటే అక్కడ రంగు పెట్టనే వద్దు, కింద రెండు వేళ్ల వెడల్పు ఎలాగూ తదుపరి క్షవరంలో పోతుంది.

నుదుటి ముందు అంచు అన్నిటికంటే చివర. అక్కడి వెంట్రుకలు సన్ననివి, రంగును త్వరగా పీల్చుకుంటాయి, చూసేవారి కన్ను మొదట పడేదీ అక్కడే. కణతలకు రాసిన పదిహేను నిమిషాల తరువాత, బ్రష్ మీద మిగిలిన కొద్ది రంగుతో, అంచుకు వెంట్రుకంత వెనుక నుంచి మొదలుపెట్టి పైకి లాగాలి. అంచు గీతను ముట్టుకోకూడదు. మా తమ్ముడి విషయంలో కణతలకు మొత్తం 25 నిమిషాలు, నెత్తికి 18, నుదుటి అంచుకు 10 నిమిషాలు వచ్చాయి. ఆ అంచున పలుచగా, కొంచెం తక్కువ సమయం పట్టిన రంగు ఒక మెట్టు లేతగా తేలి, గీత కనిపించకుండా చేసింది. అది మిగతాదానికంటే ముందే వెలుస్తుంది, అయినా అది నష్టం కాదు.

గడ్డం, మీసం

గడ్డానికి తల రంగునే వాడేవారు పెట్టె మీద గడ్డానికి పనికివస్తుందని రాసి ఉందో లేదో ముందు చూడాలి. లేకపోతే గడ్డానికి ప్రత్యేకంగా అమ్మే జెల్ రంగు తీసుకోవాలి, అవి అయిదు పది నిమిషాల్లో పనిచేసేలా తయారవుతాయి. ముఖం మీద చర్మం సున్నితమైనది, పైగా గడ్డానికి రంగు తరచుగా వేయాల్సి వస్తుంది గనుక ఇక్కడ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. గడ్డం సహజంగానే తల జుట్టుకంటే కాస్త గోధుమగా ఉంటుంది. అందువల్ల తలకు 3 వేసుకున్నవారు గడ్డానికి 4 వేసుకుంటే సరిపోలుతుంది, తలకంటే గడ్డం నల్లగా ఉండడం మాత్రం ఎప్పుడూ వింతగానే ఉంటుంది. తల నెరిసి ఉండగా మీసానికి మాత్రమే నిగనిగలాడే నలుపు వేసుకునే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వారిని చూస్తే ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

చుట్టూ చర్మానికి వాజిలీన్ రాసి, అయిదు గ్రాముల క్రీము, అంతే డెవలపర్ కలిపి, కొత్త మెత్తటి టూత్‌బ్రష్‌తో తెల్లని మచ్చల మీద మాత్రమే రాయాలి. గడ్డమంతా పూయవలసిన పని లేదు. మూడు నిమిషాలకే ఒక చోట తడి దూదితో తుడిచి చూడాలి, చాలకపోతే ప్రతి నిమిషానికీ అదే చోట మళ్లీ తుడిచి చూస్తూ, పెట్టె మీది గడువు దాటకుండా కడిగేయాలి. మా తమ్ముడి చుబుకం మచ్చలకు అయిదు నిమిషాలు చాలాయి. మచ్చల మధ్యలో కొంత తెలుపు మిగిలింది, దాన్ని అలాగే వదిలేశాం. చెవి ముందు తల జుట్టు గడ్డంతో కలిసే చోట రెండు రంగుల మధ్య మెట్టు కనిపించకుండా, అక్కడ బ్రష్‌ను పైకీ కిందికీ ఆరబెట్టినట్టు తేలికగా ఆడించాలి.

మీసానికి పై పెదవికి దగ్గరలో రంగు వేయకుండా, పై అంచు నుంచి కిందికి మాత్రమే రాసి, నోరు మూసుకొని ఉండాలి. ఈ రంగు కడుపులోకి పోతే విషం.

కడగడం, తప్పులు సరిచేయడం

సమయం కాగానే కొద్దిగా నీళ్లు చల్లుకుని, వేళ్లతో నుదుటి అంచునూ చెవుల చుట్టూ ఒక నిమిషం తేలికగా తిప్పాలి. పలుచబడిన ఆ రంగే చర్మం మీది మరకను చాలావరకు లాగేస్తుంది. తరువాత తల వెనక్కి వంచి, నీళ్లు తేటగా వచ్చేవరకు కడిగి, షాంపూ ఒకసారి, కండిషనర్ ఒకసారి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి, ఆ తరువాత డాక్టరుకు చూపించుకోవాలి. చర్మం మీద మిగిలిన మరకలను సబ్బు నురగతోనో, కొబ్బరినూనె అద్దిన దూదితోనో తుడిస్తే మరునాటికి పోతాయి. నిమ్మరసం, బ్లీచింగ్ పొడి వంటివాటితో రుద్దడం చర్మాన్ని కాల్చుకోవడమే.

ఆరిన తరువాత అనుకున్నదానికంటే నల్లగా వచ్చిందనిపిస్తే రెండు రోజులు ఆగి, చుండ్రు షాంపూతో వరుసగా నాలుగైదు సార్లు కడిగితే ఒక అరమెట్టు తగ్గుతుంది. అయినా తగ్గకపోతే పొట్టిజుట్టుకు అన్నిటికంటే సులువైన మందు కత్తెరే: రెండు వారాల తరువాత కొంచెం కురచగా తీయిస్తే ముదురు కొనలు పోతాయి. ఇంట్లో బ్లీచ్ చేసి తగ్గించే ప్రయత్నం మాత్రం చేయవద్దు, జుట్టు నారింజ రంగుకు వస్తుంది. ఎర్రగా తేలితే దాని మీద నలుపు పులమకుండా, తదుపరి సారి .1 షేడ్ తీసుకోవాలి. తెలుపు సరిగా పట్టకపోతే కారణం నూనె గాని, తక్కువ సమయం గాని అయి ఉంటుంది, ఆ రోజే మళ్లీ వేయకుండా పది రోజులు ఆగాలి.

మళ్లీ ఎప్పుడు

తలకు నాలుగైదు వారాలకు ఒకసారి చాలు. ఒకటిన్నర సెంటీమీటర్ల జుట్టును నెలకోసారి కత్తిరిస్తే రంగు పట్టిన భాగం చాలావరకు కత్తెరలోనే పోతుంది గనుక, ప్రతిసారీ దాదాపు కొత్త జుట్టుకే రంగు వేస్తున్నట్టు లెక్క. పొడవు జుట్టులో లాగా రంగు మీద రంగు పేరుకుని నల్లబడే సమస్య ఇక్కడ రాదు.

గడ్డం సంగతి వేరు. గడ్డం వెంట్రుక రోజుకు మిల్లీమీటరులో మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అయిదు మిల్లీమీటర్లకు ట్రిమ్ చేసుకునే గడ్డంలో వారానికే తెల్లటి మొదళ్లు కనిపిస్తాయి, రెండు వారాలకు రంగు పూర్తిగా పోతుంది. అంటే నెలకు రెండు మూడు సార్లు ముఖానికి ఈ మందులు తగలాలి. అన్నిసార్లు తగిలేకొద్దీ చర్మానికి పడకపోయే అవకాశం పెరుగుతుంది గనుక, గడ్డం రంగును శుభకార్యాలకు మాత్రమే పరిమితం చేసుకొని, మిగతా రోజుల్లో దాన్ని మూడు మిల్లీమీటర్లకు తగ్గించి ఉంచమని నా సలహా. అంత కురచ గడ్డంలో తెలుపు పెద్దగా తెలియదు. మా తమ్ముడు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు.

ప్రతి కొత్త పెట్టెకూ, అదే కంపెనీ అదే షేడ్ అయినా, చర్మ పరీక్ష మళ్లీ చేసుకోవాలి. గిన్నెలో మిగిలిన రంగును నీళ్లతో కడిగి పారబోసి, వాడని సాచెట్లను పిల్లలకు అందని అలమారాలో, తాళం వేసి ఉంచాలి.